గోత్రాలు వేరైనా పెళ్ళి కుదరదంటారెందుకు?

ఒక సంబంధం అనుకుందాం. అమ్మాయిది కౌండిన్యస గోత్రం, అబ్బాయిది పరాశర గోత్రం. మ్యాట్రిమొనీ సైటులో గోత్రం గడిలో రెండు వేరు వేరు పేర్లు ఉన్నాయి కాబట్టి అక్కడ అడ్డేమీ రాలేదు. జాతకాలు కుదిరాయి, పెళ్ళిచూపులయ్యాయి, పిల్లలిద్దరూ సరేనన్నారు. ముహూర్తం పెట్టించుకుందామని పురోహితుడి దగ్గరికి వెళ్తే ఆయన ముందుగా అడిగింది ప్రవర. రెండు వైపుల వాళ్ళూ చెప్పాక పంచాంగం మూసేసి, "ఇద్దరూ వాసిష్ఠులే, ఈ సంబంధం పనికిరాదు" అన్నాడు.

అదే రోజు ఆయన దగ్గరికే ఇంకో సంబంధం వచ్చింది. అబ్బాయిది భారద్వాజస గోత్రం, అమ్మాయిది హరితస గోత్రం. ఇద్దరి ప్రవరలూ "ఆంగిరస" అన్న పేరుతోనే మొదలవుతాయి. ఇక్కడ మాత్రం ఆయన "శుభ్రంగా చేసుకోవచ్చు" అన్నాడు.

అక్కడా ఒక్క ఋషి పేరే కలిసింది, ఇక్కడా ఒక్క ఋషి పేరే కలిసింది. ఒకటి కాదన్నాడు, ఒకటి ఔనన్నాడు. ఇది ఆయన చిత్తం వచ్చినట్టు చెప్పిన మాట కాదు. దీనికి ఒక లెక్క ఉంది. ఆ లెక్క తెలియాలంటే గోత్రం ఎక్కడ ఆగుతుందో, ప్రవర ఎక్కడ మొదలవుతుందో చూడాలి.

గోత్రం అనే మాట ఋగ్వేదంలో వంశాన్ని చెప్పదు. అక్కడ దాని అర్థం ఆవుల దొడ్డి, ఆవుల మంద. ఒక దొడ్డిలో పశువులు కట్టుకునే వాళ్ళంతా ఒక కూటమి అనే భావం నుంచి తరవాత వంశం అనే అర్థం వచ్చి ఉంటుందని పండితులు ఊహిస్తారు. పాణిని కాలానికి అది వ్యాకరణ పరిభాష కూడా అయింది. "అపత్యం పౌత్రప్రభృతి గోత్రమ్" అని ఆయన సూత్రం. అంటే మనవడి నుంచి కిందికి వచ్చే సంతానమంతా గోత్రం. పెళ్ళిళ్ళకు పనికివచ్చే నిర్వచనం ఇచ్చింది మాత్రం సూత్రకారుడు బౌధాయనుడు. విశ్వామిత్రుడు, జమదగ్ని, భరద్వాజుడు, గౌతముడు, అత్రి, వసిష్ఠుడు, కశ్యపుడు అనే ఏడుగురు ఋషులు, ఎనిమిదోవాడు అగస్త్యుడు. వీళ్ళ సంతతే గోత్రం అన్నాడు. గోత్రాల పేర్లు వేలూ లక్షలూ ఉండవచ్చుగానీ ప్రవరలు నలభై తొమ్మిదేనని కూడా ఆయన పేరుతో ఒక శ్లోకం ఉంది.

అంటే మన ఇళ్ళలో గోత్రం అని చెప్పుకునే కౌండిన్య, పరాశర, శాండిల్య, హరిత లాంటి పేర్లు ఈ ఎనిమిదింటిలో లేవు. అవి కొమ్మలు. కొమ్మ పేరు చెప్తే అది ఏ చెట్టుదో అందరికీ తెలియదు. ఆ సంగతి చెప్పేది ప్రవర.

ఇక్కడ చిన్న పక్కదారి. తెలుగునాట భారద్వాజస, కౌండిన్యస, హరితస, కాశ్యపస అని చివర ఒక "స" పలుకుతాం. ఆ "స" ఋషి పేరులోది కాదు. "భారద్వాజ సగోత్రః" అంటే భారద్వాజుడితో సమానమైన గోత్రం కలవాడు అని. సగోత్రలోని "స"ను విరిచి ముందు మాటకు అతికించేశాం. పాత తామ్రశాసనాల్లో ఈ మాట అసలు రూపంలోనే కనపడుతుంది. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల శాసనాలు రాజవంశాన్ని "మానవ్యసగోత్రాణాం హారీతిపుత్రాణాం" అని పొగుడుతూనే మొదలవుతాయి. కాబట్టి దరఖాస్తులో ఒకరు భారద్వాజ అనీ ఇంకొకరు భారద్వాజస అనీ రాస్తే అవి రెండు గోత్రాలు కావు. కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు ప్రవర. ఈ మాటకు అసలు అర్థం వరించడం, ఎంచుకోవడం. యజ్ఞంలో అగ్నిని హోతగా, అంటే దేవతల్ని పిలిచే ఋత్విక్కుగా వరించేటప్పుడు, "మా పూర్వులైన ఫలానా ఋషులు పిలిస్తే వచ్చినట్టే ఇప్పుడూ రా" అని యజమాని వంశపు ఋషుల పేర్లు చెప్తారు. శ్రీవత్స గోత్రీకుడు యజమాని అయితే హోత "భార్గవ, చ్యావన, ఆప్నవాన, ఔర్వ, జామదగ్న్య" అని పైనుంచి కిందికి వస్తాడు. యజ్ఞపు పనులు నడిపే అధ్వర్యుడు అదే వరసను తిరగేసి, "జమదగ్నివత్, ఊర్వవత్, అప్నవానవత్, చ్యవనవత్, భృగువత్" అని కింది నుంచి పైకి వెళ్తాడు. ఒకే వంశాన్ని ఒకరు దిగుతూ, ఒకరు ఎక్కుతూ చెప్తారన్నమాట. ఈ పేర్లకు సంఖ్యానియమం ఉంది. ఒకరు, ఇద్దరు, ముగ్గురు లేదా అయిదుగురు ఋషులు ఉండవచ్చు. నలుగురు ఉండకూడదు, అయిదుగురిని దాటకూడదు. ముగ్గురుంటే త్రయార్షేయం, అయిదుగురుంటే పంచార్షేయం. మన దగ్గర వినపడేవి ఎక్కువ భాగం త్రయార్షేయాలే.

యజ్ఞాలు చేసే ఇళ్ళు తగ్గిపోయాక ప్రవర రెండు చోట్ల మిగిలింది. ఒకటి, ఒడుగు అయినవాడు పెద్దలకు నమస్కరిస్తూ చెప్పే అభివాదం. "చతుస్సాగర పర్యంతం గోబ్రాహ్మణేభ్యః శుభం భవతు" అని మొదలుపెట్టి, ఋషుల పేర్లు, ప్రవర, గోత్రం, సూత్రం, వేదశాఖ, తన పేరు వరసగా చెప్పి "అహం భో అభివాదయే" అని వంగుతాడు. రెండోది పెళ్ళి. అక్కడ వరుడివైపూ వధువువైపూ మూడు తరాల పేర్లతో, ఫలానావారి మునిమనవడికి, మనవడికి, కొడుకుకి అంటూ ప్రవరలు చదువుతారు, అదీ మూడుసార్లు. వినేవాళ్ళకు విసుగు పుట్టేంత సేపు పడుతుంది. "వాడి ప్రవరంతా విప్పాడు" అన్న మాట తెలుగులో ఊరికే రాలేదు.

ఇక లెక్క. ఒకే గోత్రం వాళ్ళు పెళ్ళాడకూడదు, ఒకే ప్రవర వాళ్ళు పెళ్ళాడకూడదు అని రెండు నిషేధాలు. ప్రవర ఒకటే కావడం అంటే మొత్తం ఒకటే కానక్కరలేదు. ఎన్ని పేర్లు కలిస్తే ఒకటే అనుకోవాలో చెప్పే శ్లోకం ఇది:

పంచానాం త్రిషు సామాన్యాదవివాహస్త్రిషు ద్వయోః
భృగ్వంగిరోగణేష్వేవం శేషేష్వేకోఽపి వారయేత్

గణం అంటే ఒక మూలఋషి కింద చేరే గోత్రాల గుంపు. భృగు, అంగిరస గణాల్లో అయితే అయిదుగురు ఋషుల ప్రవరలో ముగ్గురు కలిసినా, ముగ్గురు ఋషుల ప్రవరలో ఇద్దరు కలిసినా పెళ్ళి కూడదు. మిగిలిన గణాల్లో ఒక్కరు కలిసినా చాలు, అడ్డే.

పైన చెప్పిన మొదటి సంబంధాన్ని దీంతో చూద్దాం. కౌండిన్య గోత్రానికి ప్రవర వాసిష్ఠ, మైత్రావరుణ, కౌండిన్య. పరాశర గోత్రానికి వాసిష్ఠ, శాక్త్య, పారాశర్య. కలిసింది వాసిష్ఠ ఒక్కటే. కానీ వసిష్ఠ గణం భృగువులదీ కాదు, అంగిరసులదీ కాదు. అక్కడ ఒక్క పేరు చాలు. కాశ్యప గోత్రానికీ శాండిల్య గోత్రానికీ అంతే. మొదటిది కాశ్యప, ఆవత్సార, నైధ్రువ. రెండోదాన్ని కొందరు కాశ్యప, ఆవత్సార, శాండిల్య అనీ, కొందరు కాశ్యప, ఆసిత, దైవల అనీ చెప్తారు. ఎలా చెప్పినా కాశ్యప తప్పదు కనుక పెళ్ళి కూడదు. కౌశిక గోత్రం వారిలోనూ వైశ్వామిత్ర, ఆఘమర్షణ, కౌశిక అని చెప్పేవాళ్ళున్నారు, వైశ్వామిత్ర, దైవరాత, ఔదల అని చెప్పేవాళ్ళున్నారు. పాఠం మారినా విశ్వామిత్రుడు పోడు కాబట్టి ఇక్కడ పాఠభేదం పెళ్ళి సంగతిలో ఇబ్బంది పెట్టదు.

రెండో సంబంధంలో భారద్వాజ గోత్రానికి ఆంగిరస, బార్హస్పత్య, భారద్వాజ. హరిత గోత్రానికి ఆంగిరస, అంబరీష, యౌవనాశ్వ. ఇవి అంగిరసుల లెక్కలోకి వస్తాయి. ముగ్గురిలో ఇద్దరు కలవాలి, కలిసింది ఒక్కరే. కాబట్టి అడ్డు లేదు. శ్రీవత్స గోత్రానికీ వాధూల గోత్రానికీ కూడా ఇంతే. వాధూల ప్రవర భార్గవ, వైతహవ్య, సావేతస. రెండింటిలో భార్గవ ఒక్కటే ఉమ్మడి. అదే శ్రీవత్సకూ ఆర్ష్టిషేణకూ అయితే కుదరదు, ఎందుకంటే ఆర్ష్టిషేణ ప్రవరలో భార్గవ, చ్యావన, ఆప్నవాన అన్న మూడు పేర్లూ ఉన్నాయి. అయిదింటిలో మూడు.

భృగువుకూ అంగిరసుడికీ ఈ వెసులుబాటు ఎందుకు? బౌధాయనుడి ఎనిమిదిమంది పేర్లు మళ్ళీ చూస్తే జవాబు అక్కడే ఉంది. అందులో భృగువు లేడు, అంగిరసుడు లేడు. జమదగ్ని భృగువంశంవాడు. గౌతముడు, భరద్వాజుడు అంగిరస వంశంవాళ్ళు. అంటే భృగువు, అంగిరసుడు గోత్రస్థాయికి పై మెట్టు మీద ఉన్నారు. వసిష్ఠుడి పేరు కలిస్తే గోత్రమే కలిసినట్టు. అంగిరసుడి పేరు కలిస్తే అంతకు పైన ఎక్కడో కలిసినట్టు. అందుకే గౌతమ గోత్రం (ఆంగిరస, ఆయాస్య, గౌతమ), భారద్వాజ గోత్రం పెళ్ళాడవచ్చు.

పైగా ఈ రెండు గణాల్లోకి బయటివాళ్ళు వచ్చి చేరినట్టు ప్రవరలే చెప్తున్నాయి. హరిత ప్రవరలో ఉన్న అంబరీషుడు, యువనాశ్వుడు పురాణాల్లో ఇక్ష్వాకు రాజులు. బ్రాహ్మణ గోత్రపు ప్రవరలో సూర్యవంశపు రాజుల పేర్లేమిటి? క్షత్రియ వంశంలో పుట్టి బ్రాహ్మణులైనవాళ్ళని పురాణాలు వీళ్ళనే అంటాయి. హరిత, ముద్గల, విష్ణువృద్ధ, కణ్వ, రథీతర లాంటి గణాలను శాస్త్రకారులు కేవలాంగిరసులు అన్నారు. వీళ్ళు అంగిరసుల్లో ఉన్నా భరద్వాజుడికిగానీ గౌతముడికిగానీ చెందరు. అలాంటివాళ్ళను భారద్వాజులకు అన్నదమ్ములుగా లెక్కకట్టడం నిజంగానే అర్థంలేని పని. ఈ మినహాయింపు లేకపోతే ఆంగిరస అని ప్రవర మొదలయ్యే వాళ్ళంతా, అంటే తెలుగు బ్రాహ్మణుల్లో పెద్ద సంఖ్యలో ఉన్న భారద్వాజ, హరిత, గౌతమ, మౌద్గల్యులు ఒకరికొకరు పనికిరాకుండా పోయేవారు.

అయితే పేర్లు లెక్కపెట్టడం వస్తే చాలు, అన్నీ తేలిపోతాయనుకుంటే ఒక చోట బోల్తా పడతాం. గార్గ్య గోత్రానికి రెండు పాఠాలున్నాయి. పంచార్షేయం చెప్పేవాళ్ళు ఆంగిరస, బార్హస్పత్య, భారద్వాజ, శైన్య, గార్గ్య అంటారు. త్రయార్షేయం చెప్పేవాళ్ళు ఆంగిరస, శైన్య, గార్గ్య అంటారు. భారద్వాజ గోత్రంతో పోలిస్తే మొదటి పాఠంలో మూడు పేర్లు కలిసి పెళ్ళి కూడదని తేలుతుంది. రెండో పాఠంలో ఒక్కటే కలుస్తుంది, లెక్క ప్రకారం పెళ్ళి చేసుకోవచ్చు. ఒకే గోత్రం వాళ్ళకు ఇంటి పాఠాన్ని బట్టి జవాబు మారడం ఎలా సాధ్యం?

మారదు. గర్గులు భరద్వాజ గణంలోవాళ్ళు. ప్రవరలో భరద్వాజుడి పేరు ఉన్నా లేకపోయినా వాళ్ళ గోత్రం భరద్వాజమే. కపి గోత్రం కూడా అంతే. ఆంగిరస, ఆమహీయవ, ఔరుక్షయస అన్న దాని ప్రవరలో భరద్వాజుడు ఎక్కడా లేడు, అయినా కపులు భరద్వాజ గణమే. నిషేధం రెండు మాటలుగా, గోత్రం ఒకటే కాకూడదు, ప్రవర ఒకటే కాకూడదు అని ఎందుకు పెట్టారో ఇక్కడే తెలుస్తుంది. రెండూ ఒకటే అయితే ఒక మాట చాలేది. శాండిల్య, కాశ్యపుల్ని ప్రవర పట్టుకుంటుంది. కపి, భారద్వాజుల్ని గణం పట్టుకుంటుంది. అందువల్ల ఎవరైనా ఇద్దరి ప్రవరలు పక్కపక్కన పెట్టి చూసేముందు ఆ గోత్రాలు ఏ గణానివో ముందు చూడాలి. ధర్మశాస్త్ర నిబంధ గ్రంథాలు గణాలవారీగా పట్టికలిచ్చింది అందుకే. ఇంటర్నెట్టులో తిరిగే గోత్రప్రవర పట్టికల్లో ఈ గణం అనే నిలువు వరసే ఉండదు.

ఆచరణలో జరిగే పొరపాట్లు ఇంకొన్ని ఉన్నాయి. ఆపస్తంబ అనేది సూత్రం పేరు, అంటే ఇంటి కర్మలకు పాటించే గ్రంథం పేరు, గోత్రం కాదు. తెలుగు బ్రాహ్మణుల్లో ఎక్కువమంది ఆపస్తంబ సూత్రులే కాబట్టి "మాదీ ఆపస్తంబమే, మీదీ ఆపస్తంబమే" అని కంగారు పడేవాళ్ళున్నారు. ఆ కంగారు అక్కరలేదు. బ్రాహ్మణుల్లో ఇంటిపేరు ఒకటైనా గోత్రాలు వేరు కావచ్చు, ఇంటిపేర్లు వేరైనా గోత్రం ఒకటి కావచ్చు. ఇంటిపేరు చాలాసార్లు ఊరి పేరు. ఒక ఊళ్ళో నాలుగు గోత్రాలవాళ్ళుండి తరవాత వలస వెళ్తే నలుగురికీ ఆ ఊరిపేరే ఇంటిపేరైంది.

బ్రాహ్మణేతర కులాల్లో కథ వేరు. అక్కడ పెళ్ళి అడ్డును చెప్పేది చాలావరకు ఇంటిపేరే. ఇంటిపేరు కలిస్తే అన్నదమ్ములు, సంబంధం మాట్లాడరు. గోత్రం కూడా ఉంటుంది, కొన్ని కులాల్లో దానికి గట్టి పట్టు కూడా ఉంది. విశ్వబ్రాహ్మణులకు సానగ, సనాతన, అహభూన, ప్రత్న, సుపర్ణ అని అయిదు గోత్రాలు. ఆర్యవైశ్యులు పెనుగొండ వాసవీ కన్యకాపరమేశ్వరి కథతో ముడిపెట్టి 102 గోత్రాలు చెప్పుకుంటారు. ఇవి బౌధాయనుడి ఎనిమిది గణాల చట్రంలో ఇమిడేవి కావు, ఇమడాల్సిన అవసరమూ లేదు. ఎవరి కట్టుబాటు వారిది. శాస్త్రకారులు క్షత్రియ వైశ్యుల గురించి చెప్పింది ఒకటే, వాళ్ళు తమ పురోహితుడి గోత్రప్రవరలే చెప్పుకోవాలని. అంటే ఆ ప్రవర రక్తసంబంధానికి గుర్తు కాదని వాళ్ళే ఒప్పుకున్నట్టు.

గోత్రం తెలియనివాళ్ళు గుళ్ళో అర్చన చేయించుకుంటూ "కాశ్యప గోత్రం" అనడం మామూలే. ప్రజలంతా కశ్యపుడి సంతానమే అన్న శతపథ బ్రాహ్మణం మాట దీనికి ఆధారం. అర్చనకు అది చాలు. ఆ అర్చన చీటీలోని గోత్రాన్నే తరవాత మ్యాట్రిమొనీ దరఖాస్తులోకి ఎక్కిస్తేనే చిక్కు. గోత్రం తెలియని రెండు కుటుంబాలు, ఏ చుట్టరికమూ లేకపోయినా, సగోత్రీకులై కూర్చుంటాయి. గోత్రం ఎక్కడి నుంచి వచ్చిందని ఇంట్లో పెద్దవాళ్ళను ఒక్కమాట అడిగితే ఈ చిక్కు విడిపోతుంది. తద్దినం పెట్టేటప్పుడు చెప్పే గోత్రమా, గుళ్ళో పూజారి ఇచ్చిన గోత్రమా అన్నదే ప్రశ్న.

దత్తత వచ్చినవాడికి ఇంకో మడత. అతను పెంచినవారి గోత్రం చెప్పుకుంటాడు, కానీ పెళ్ళి దగ్గర పుట్టినింటి గోత్రంవాళ్ళను కూడా చేసుకోకూడదు. దీనికి పాత మూలం శునఃశేపుడి కథ. అజీగర్తుడి కొడుకుగా అంగిరస వంశంలో పుట్టిన శునఃశేపుడు విశ్వామిత్రుడికి దత్తుడై దేవరాతుడయ్యాడని ఐతరేయ బ్రాహ్మణం చెప్తుంది. పైన కౌశికుల ప్రవరలో చూసిన "దైవరాత" ఆ పేరే. లౌగాక్షులనే వాళ్ళు మరీ వింత. పగలు వాసిష్ఠులు, రాత్రి కాశ్యపులు అని వాళ్ళకు పేరు. వాళ్ళు రెండు గణాల్లోనూ పెళ్ళాడకూడదు.

ఇంత పకడ్బందీగా ఉన్న ఈ లెక్క అసలు దేన్ని కొలుస్తోంది? తండ్రి, తాత, ముత్తాత అని మగవరసను మాత్రమే. ఆడపిల్ల పెళ్ళయ్యాక భర్త గోత్రంలోకి వెళ్తుంది, ఆమె పుట్టింటి గోత్రం ఆమె పిల్లల లెక్కలోకి రాదు. ఎప్పుడూ ఇంత కచ్చితంగా ఉండేదా అంటే, శాసనాలు వేరే మాట చెప్తున్నాయి. శాతవాహన రాజులు గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అని తల్లి గోత్రం పేరుతో తమను చెప్పుకున్నారు. వాకాటకుల కోడలైన ప్రభావతీగుప్త, భర్తది విష్ణువృద్ధ గోత్రమైనా, తన శాసనంలో తండ్రి గోత్రమైన ధారణ గోత్రాన్నే చెప్పుకుంది.

మగవరసను మాత్రమే చూసే లెక్కలో మేనరికం అసలు కనపడదు. మేనమామ కూతురిది మేనమామ గోత్రం, అబ్బాయిది తండ్రి గోత్రం. మేనత్త కూతురిది ఆమె భర్త గోత్రం. అక్క కూతురిది బావగారి గోత్రం. ఎక్కడా గోత్రం కలవదు, పురోహితుడు ప్రవర అడిగినా అడ్డు రాదు. ఈ ఆచారం కొత్తదీ కాదు. నాగార్జునకొండ శాసనాల ప్రకారం మూడో శతాబ్దపు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు తన మేనత్త హమ్మసిరి కూతుళ్ళు బాపిసిరినీ ఛఠిసిరినీ పెళ్ళాడాడు. బౌధాయన ధర్మసూత్రం కూడా మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని చేసుకోవడం దక్షిణాదివారి ఆచారాల్లో ఒకటని చెప్పింది. మేనమామ కూతుర్ని చేసుకున్నవాడు చాంద్రాయణ వ్రతం చేసి పాపం పోగొట్టుకోవాలనే స్మృతివాక్యం ఉన్నా, దక్షిణాది నిబంధకారుల్లో మాధవాచార్యుడి వంటివారు ఈ ఆచారాన్ని సమర్థించారు.

గోత్ర నిషేధం జన్యుశాస్త్రమే అనే వాదన ఇప్పుడు విరివిగా వినపడుతోంది. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుంది, గోత్రమూ అంతే, కాబట్టి ఋషులకు ఇది తెలుసు అంటారు. ఆ పోలిక సగం నిజం. కానీ ఆడపిల్లకు వై క్రోమోజోమే లేదు. పెళ్ళిలో ప్రశ్న ఇద్దరూ కలిసి పుట్టించే బిడ్డకు ఒకే లోపపు జన్యువు రెండు వైపుల నుంచీ వస్తుందా అన్నది. అది మిగిలిన క్రోమోజోముల సంగతి, అవి తల్లి నుంచీ తండ్రి నుంచీ సమానంగా వస్తాయి. పది తరాల కిందటి ఒక పూర్వుడి నుంచి మనకు వచ్చే వాటా సగటున 1024లో ఒక వంతు. మూలఋషి అంతకన్నా చాలా వెనక ఉన్నాడు. దగ్గర చుట్టరికం లేని ఇద్దరు సగోత్రీకుల మధ్య ఆ లెక్కన ఉమ్మడిగా మిగిలేది దాదాపు ఏమీ లేదు. మేనబావ, మేనమరదళ్ళ బిడ్డకైతే ఒక జన్యుస్థానంలో రెండు ప్రతులూ ఒకే పూర్వుడివి అయ్యే అవకాశం 16లో ఒకటి. మేనమామ, మేనకోడళ్ళ బిడ్డకు 8లో ఒకటి. గోత్రం సగోత్రీకుల్ని ఆపి మేనమామను పంపిస్తోంది. ఆరోగ్యం కోసం పెట్టిన నియమమైతే ఇది తలకిందుల నియమం. కాదు, ఇది వంశాల మధ్య చుట్టరికాల కట్టుబాటు, సగోత్రను తెలియక చేసుకున్నవాడు ఆమెను తల్లిలా పోషించాలన్న బౌధాయనుడి మాటలో వినపడేది కూడా అదే. ఒకే ఇంటి ఆడపడుచు అనే భావన.

న్యాయస్థానాల్లో ఈ సంగతి 20వ శతాబ్దం మధ్యలో తేలిపోయింది. 1946లో వచ్చిన కేంద్ర చట్టం ఒకే గోత్రం, ఒకే ప్రవర అన్న కారణంతో హిందువుల పెళ్ళి చెల్లకుండా పోదని చెప్పింది. 1955 హిందూ వివాహ చట్టంలో గోత్రం అడ్డు లేదు. 29వ సెక్షన్‌లో ఒక్కసారి ఆ మాట వస్తుంది, అది కూడా చట్టం రాకముందు జరిగిన సగోత్ర వివాహాలను కాపాడడానికే. సగోత్ర వివాహాల్ని నిషేధించాలని 2010లో కోర్టుకెక్కినవాళ్ళకు అక్కడ చుక్కెదురైంది.

ఆ చట్టం గోత్రం బదులు సపిండత్వాన్ని పట్టుకుంది. తల్లివైపు మూడు తరాలు, తండ్రివైపు అయిదు తరాలు లెక్కపెట్టి, ఆ లోపల ఉమ్మడి పూర్వుడుంటే పెళ్ళి కూడదంది. దానితోపాటు నిషిద్ధ బంధుత్వాల జాబితా ఒకటి ఇచ్చింది. అందులో మేనమామ, మేనకోడలు ఉన్నారు. అన్నాచెల్లెళ్ళ పిల్లలూ ఉన్నారు. అంటే మన మేనబావ, మేనమరదళ్ళు. ఇరుపక్షాలకూ వర్తించే ఆచారం అనుమతిస్తే ఆ అడ్డు ఉండదని పక్కనే ఒక మినహాయింపు పెట్టింది కాబట్టి తెలుగు మేనరికాలు ఆ సందులోంచి చెల్లుబాటవుతున్నాయి. చట్టం పుస్తకం తెరిస్తే కౌండిన్య, పరాశరుల పెళ్ళికి ఆచారం మద్దతు కూడా అక్కరలేదు. అక్క కూతురిని చేసుకోవాలంటే మాత్రం ఆ ఆచారం తమ వాళ్ళలో ఎంతో కాలంగా ఎడతెగకుండా నడుస్తోందని, అవసరమైతే కోర్టులో రుజువు చేసుకోవాలి. పురోహితుడి దగ్గర ఈ రెండింటికీ వచ్చే జవాబులు సరిగ్గా తిరగబడి ఉంటాయి.